తప్పు పేర్లకు ఒక కప్పు చాయ్

కొత్తపేటలో పాత పళ్ళ మార్కెట్ వెనక సందులో ఉండే రాజేశ్వరమ్మ, పొద్దున చాయ్ పెట్టేటప్పుడు ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి నీళ్ళు పోయదు. కూతురు తన్మయి ఫోన్ చూసి పోస్తుంది. ముందురోజు పెట్టిన చీర నేత వీడియో కింద ఎంతమంది ఆ పిల్ల పేరు తప్పు రాస్తే, అంతమంది చుట్టాలు తెల్లారేసరికి గుమ్మం ముందు ఉంటారు మరి.

"ఇయ్యాల ఎందరే?" వంటింట్లోంచి అరిచింది రాజేశ్వరమ్మ.

"ఇద్దరే అమ్మా. ఒకామె తన్మై, ఇంకొకామె తనుమయి."

"అయితే పాలు సాలుతయి తియ్."

అప్పటికే ఇద్దరూ మెట్లెక్కి వచ్చేశారు. తన్మై పొట్టిగా, బక్కగా, ఎక్కడో ఒక చెప్పు పోగొట్టుకుని వచ్చినట్టు కుంటుకుంటూ ఉంది. తనుమయి కాస్త బొద్దుగా, తీరుబడిగా ఉంది. ఇద్దరి ముక్కూ మాత్రం అచ్చం తన్మయి ముక్కే. కింది వాటాలో ఉండే ఇంటి ఓనర్ రామమోహనరావు గారు పేపరు మడుస్తూ మెట్ల వంక చూసి, "ఏమ్మా, ఇవాళ చుట్టాలు తక్కువగా ఉన్నారే" అన్నారు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ సందులోనే ముసలివాడైపోయిన మనిషి. ఆయనకు చుట్టాలతో పేచీ లేదు. మెట్ల మీద చెప్పులు అడ్డంగా విప్పితేనే పేచీ.

వచ్చిన పేరును ఎలా సాగనంపాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తన్మయి ఆ కామెంటుకు జవాబు రాయాలి. జవాబు నవ్వుతూ, మెత్తగా ఉంటే, వచ్చినామె చాయ్ తాగి, బొట్టు పెట్టించుకుని, రాజేశ్వరమ్మ ఇచ్చిన రవికె గుడ్డ పట్టుకుని సంతోషంగా మెట్లు దిగి, తనను రాసినవాళ్ళ ఇంటికి పోతుంది. జవాబే రాయకపోతే, పాపం, లోపలికి రావాలో వెళ్ళాలో తెలియక మెట్ల మీదే నిలబడుతుంది. ఇక జవాబు కోపంగా ఉందో, వచ్చి ముందుగదిలో మగ్గం పక్కన కూర్చుంటుంది. కదలదు.

ఆ ముచ్చట తన్మయికి అనుభవమే. కొత్తలో ఎవరికో "నా పేరు తన్మయి. పేరు కూడా చూడకుండా రాస్తరా?" అని జవాబిచ్చింది. ఆ వచ్చిన తాన్మయి, మెడ పొడుగ్గా ఉన్న మనిషి, దారాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని అలిగి కూర్చుంది. అన్నం తినలేదు. దారం కండెలన్నీ చిక్కులు పెట్టింది. చివరికి తన్మయి అదే కామెంటు కిందికి పోయి, "అక్కా, నిన్న జర చిరాకుల రాసిన, ఏమనుకోకండ్రి. చీర మీద ఇంత ప్రేమగా మాట్లాడిండ్రు, అది ముందు చెప్పాల్సింది" అని రాస్తేగాని ఆమె లేవలేదు.

అప్పట్నుంచి తన్మయి పద్ధతి మారింది. వాళ్ళు ఏమి అడిగారో ముందు దానికి జవాబు చెబుతుంది. మెచ్చుకుంటే ముందు థాంక్స్ చెబుతుంది. పేరు సంగతి చివర్లో, చీర కొంగు సర్దుకున్నంత మామూలుగా తెస్తుంది. 'తప్పు' అనే మాట వాడదు. నవ్వాల్సి వస్తే తన మీదే నవ్వుతుంది, అవతలి మనిషి మీద కాదు. పంపే ముందు రాజేశ్వరమ్మకు చదివి వినిపించాలి. ఆమె గుమ్మంలో ఉన్న చుట్టాన్ని చూపించి ఒకటే అడుగుతుంది: "గీ మాట ఆమె మొఖం మీద అనగలవా?" అనగలనంటేనే పంపాలి.

ఆ రోజు 'తన్మై' అని రాసినావిడ చీర ఉతికితే రంగు పోతుందా అని అడిగింది. తన్మయి రాసింది: "పోదు అక్కా, మొదటిసారి చల్లటి నీళ్ళల్ల విడిగా ఉతకండి, నీడకు ఆరేయండి. అడిగినందుకు థాంక్స్. మీ తన్మయి." అంతే. దిద్దినట్టు కనబడకుండానే పేరు అక్కడ కూర్చుంది. గుమ్మంలో తన్మై ముఖం విచ్చుకుంది. పోయిన చెప్పు కూడా ఎక్కడో దొరికినట్టుంది, తిన్నగా నడుస్తూ వెళ్ళిపోయింది.

అన్ని తప్పులనూ దిద్దాలని కూడా లేదు. బడంగ్‌పేట్ నుంచి హనుమాయమ్మ అనే పెద్దావిడ ప్రతి వీడియో కిందా 'తనుమాయమ్మ తల్లీ' అని రాస్తుంది. మొదటిసారి తన్మయి మెల్లగా చెప్పింది. ఆవిడ "అయ్యో అట్లనా తల్లీ" అని, మరుసటి వారం మళ్ళీ తనుమాయమ్మ అనే రాసింది. తన్మయి ఇక ఊరుకుంది. ఆవిడకు అందులో ఎంత ప్రేమ ఉందో చూడటానికి కళ్ళద్దాలు అక్కర్లేదు. దాంతో ఆ తనుమాయమ్మ ఇంటి మనిషే అయిపోయింది. వారం వారం వచ్చి చాయ్ తాగి, గోడకు జారబడి దారం చుట్టి ఇచ్చిపోతుంది. ఎగతాళికి పేరు వంకర చేసి రాసినవాడు కూడా ఒకడు లేకపోలేదు. ఆ వచ్చినదానికి ముఖమే లేదు. "గిది చుట్టం కాదు" అని రాజేశ్వరమ్మ తలుపేసింది. తన్మయి జవాబివ్వలేదు. ఎండ పడేసరికి అది ఆవిరైపోయింది.

ఇంత సందడి ఉన్న ఇంట్లో, మగ్గం దగ్గర మాత్రం మాట తగ్గిపోతూ వచ్చింది. తన్మయి తండ్రి బ్రహ్మం పోచంపల్లి దగ్గర ఊరి నుంచి ఆ మగ్గాన్ని లారీలో వేసుకుని తెచ్చి, ముందుగదిలో బిగించాడు. దారం మీద ముడులు కట్టి, రంగులద్ది, నేయకముందే బొమ్మను దారంలో దాచిపెట్టే చిటికి పని ఆయనది. ఆ బొమ్మను నేతలో బయటికి తీసే చెయ్యి ఇప్పుడు తన్మయిది. కానీ దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో అదే బొమ్మను మిషన్ మీద అచ్చేసి అమ్ముతున్నారు. "రెండూ ఒక్క తీరే ఉన్నయి కదా" అని కొనేవాళ్ళు అన్నప్పుడల్లా బ్రహ్మం ముఖం ఒక్కో మెట్టు కిందికి దిగేది. ఒక పొద్దున ఆయన పానా చేతిలో పట్టుకుని మగ్గం చుట్టూ తిరిగి, బిగుతుగా ఉన్న బోల్టులను తడిమి చూశాడు.

"బతుకమ్మ పండుగ కాంగనే విప్పేద్దాం బిడ్డా. బడంగ్‌పేట్‌ల మీ మేనత్త రోహిణి వాళ్ళ షెడ్డు ఖాళీగున్నది. అండ్ల పడేద్దాం."

"బాపూ, షెడ్డుల పడేస్తే మల్ల ఎప్పుడు బిగిస్తవు?"

"విప్పినంక మల్ల బిగియ్య."

తన్మయికి ఏడుపు వచ్చింది. ఏడవలేదు. నాడె ఆ చేతి నుంచి ఈ చేతికి పోతుంటే, తన చేతులు మాత్రమే కనిపించేలా ఫోన్ పెట్టుకుని, అంచు నేస్తున్న వీడియో తీసింది. కింద ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో 'నేసింది: తన్మయి' అని రాసి పెట్టింది. ఇదే చివరి చీరేమో అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

మధ్యాహ్నానికి ఆ వీడియో కింద సుప్రియ అనే ఆవిడ కామెంటు పడింది. ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పండుగ ముందర చేనేత మేళా పెడుతున్నది ఆవిడే. నగరంలో చీరలు కట్టే ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ మాట వింటారు. ఆవిడ రాసింది: "అద్భుతం తన్మయ్ బ్రదర్! ఈ అంచులో పడుగు, పేక రెండిటికీ ముడులు కట్టారా? మేళాలో హాలు మధ్యలో ఒక్క మగ్గానికే చోటు పెడుతున్నాను. ఎవరికివ్వాలో చూస్తున్నాను."

చూసేలోపే కింద మంట లేచింది. తన్మయి వీడియోలు రోజూ చూసేవాళ్ళు ఊరుకుంటారా? "బ్రదర్ ఏంది మేడమ్, ఆమె మా అక్క." "పేరు చదవరాదు గాని మేళా పెడ్తదంట." "చేయి పనోళ్ళంటే మగోళ్ళేనా?" ఒకరిని చూసి ఒకరు రాళ్ళు ఏరుకున్నారు. సుప్రియ వైపు నుంచి ఒక్క మాట లేదు.

గుమ్మంలో చప్పుడైంది. తన్మయ్ వచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లవాడు, చిన్న మీసం, తన్మయి ముక్కు. చొక్కా చిరిగి ఉంది, చెంప కమిలి ఉంది. దారి పొడుగునా మాటల దెబ్బలు తినుకుంటూ వచ్చాడు పాపం. రాజేశ్వరమ్మ గబగబా చెంబుతో నీళ్ళిచ్చింది. "కూసో బిడ్డా. ఎవల్రా నిన్ను గిట్ల కొట్టింది?"

"మన వాళ్ళే అత్తా" అన్నాడు తన్మయ్, తల దించుకుని.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన తమ్ముడు శ్రవణ్‌కుమార్ ఫోన్ చూసి గంతేశాడు. "అక్కా, స్క్రీన్‌షాట్ తియ్! 'నేత నేసేది మగాళ్ళే అనుకునే మేళా మేడమ్' అని పోస్టు పెట్టు. పొద్దుగూకేసరికి ఊరంత తిరుగుతది. అందరు నీ దిక్కే ఉంటరు."

అది నిజమే. అందరూ తన వైపే ఉంటారు. తన్మయి వేళ్ళు దురదపెట్టాయి. తన చేతులను చూసి కూడా మగవాడని అనుకున్నదని లోపల ఎక్కడో కోపం కూడా ఉంది, లేదని ఎందుకు చెప్పాలి! "మేడమ్, నేను బ్రదర్ కాదు. ముందు పేరు సరిగ్గా" అన్నంతవరకు రాసింది. గుమ్మం వైపు చూసింది. తన్మయ్ చాయ్ కప్పు కింద పెట్టేసి, లేచి, మగ్గం పక్కకు నడుస్తున్నాడు. ఇక కూర్చోబోతున్నాడు.

"గీ మాట గా పిల్లగాని మొఖం మీద అనగలవా?" అడిగింది రాజేశ్వరమ్మ.

తన్మయి అతని కమిలిన చెంప చూసింది. కామెంటు మళ్ళీ చదివింది. ఆ తల్లి ముందు 'అద్భుతం' అన్నది. పడుగు, పేక రెండూ గుర్తుపట్టింది. దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. వీడియోలో తను చూపించినవి చేతులే. పేరు చివరి అక్షరం ఆవిడ ఫోనే మింగిందో, ఆవిడ చూపే జారిందో ఎవరికి తెలుసు? రాసినదంతా చెరిపేసింది.

"నిలబడు తన్మయ్, జర ఆగు" అని, ఈసారి ఆ కామెంటుకు ఎర్ర గుండె గుర్తు పెట్టి, వేరే పోస్టుగా కాకుండా దాని కిందనే రాసింది:

"థాంక్యూ మేడమ్! అవును, రెండిటికీ ముడులు కట్టినం. ముడులు మా బాపువి, నేత నాది. గంత సన్నగ గమనించి అడిగినందుకు మా ఇంట్ల అందరికీ మస్తు సంతోషమైంది. మధ్య చోటు మాకిస్తే మగ్గం తీసుకుని ఒస్తం. ఇక బ్రదర్ సంగతంటరా, మా ఇంట్ల ఆ సీటు ముందే నిండింది, మా తమ్ముడు లేస్తలేడు. నేను అక్కను, తన్మయిని."

చివర నవ్వే బొమ్మ ఒకటి పెట్టింది. ఆగింది. ఇంకా పని ఉంది. మేడమ్ మీద రాళ్ళేసినవాళ్ళను అలాగే వదిలేస్తే ఈ మెత్తదనం ఒట్టి వేషం అవుతుంది. వాళ్ళు కూడా తన మీద ప్రేమతోనే వేశారు. అందుకని వాళ్ళకూ రాసింది: "అన్నలూ, అక్కలూ, నా కోసం నిలబడ్డరు, ఎప్పటికీ మరువ. కానీ మేడమ్ చూసింది నా చేతులనే. చేతుల మీద పేరు రాసి ఉండదు కదా. ఇగ ఈ ముచ్చట ఇడిసిపెట్టి చీర ఎట్లుందో చెప్పుండ్రి."

రాజేశ్వరమ్మ విని తల ఊపింది. తన్మయి పంపింది.

తన్మయ్ ముందు ముసిముసిగా, తర్వాత పగలబడి నవ్వాడు. "సీటు నిండిందా!" అని శ్రవణ్‌కుమార్ వీపు మీద ఒక్కటి చరిచాడు. చెంప మీద కమిలిన మచ్చ చాయ్‌లో బెల్లంలా కరిగిపోయింది. మగవాడికి రవికె గుడ్డ ఏమివ్వాలని రాజేశ్వరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, బ్రహ్మం నేసిన తువ్వాలు భుజం మీద కప్పి, బొట్టు పెట్టింది. అతను మూలన కూర్చున్న బ్రహ్మం కాళ్ళకు దండం పెట్టి, మెట్లు దిగి, మెట్రో స్టేషన్ వైపు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోయాడు.

"చెప్పులు సరిగ్గానే విప్పాడు, బుద్ధిమంతుడు" అన్నారు కింద రామమోహనరావు గారు.

ఆ సాయంత్రం సుప్రియ ఫోన్ చేసింది. గొంతు కాస్త బొంగురుగా ఉంది.

"తన్మయి గారూ, నేను ఆ కామెంట్ డిలీట్ చేసి ఫోన్ బంద్ చేసి పండుకుందామనుకున్న. ఇంతల మీ తన్మయ్ వచ్చిండు. తువ్వాల కప్పుకొని, బొట్టు పెట్టుకొని. 'మేడమ్, వాళ్ళింట్ల చాయ్ బాగుంటది' అన్నడు. మీ జవాబు అప్పుడు చూసిన. సారీ అమ్మా."

"అయ్యో, సారీ ఎందుకు మేడమ్! మీరు పడుగు, పేక అడిగిండ్రు. మాకదే పండుగ."

"ఒక మాట చెప్త. ఆ హాలు నడిమిట్ల కూసున్న మనిషిని రోజంతా జనం ఏవేవో అడుగుతరు. తెల్వక అడుగుతరు, తప్పుగా అడుగుతరు. మంచిగ నేసెటోళ్ళు నాకు ఇంకా దొరుకుతరు. తెల్వనోళ్ళను చిన్నబుచ్చకుండ నవ్వుకుంట సాగనంపే మనిషి దొరకలే. మధ్య చోటు మీదే. మీ బాపును కూడా తీసుకరండి."

బ్రహ్మం విని, "ఎట్లాగూ విప్పేదే. ఆడ బిగిస్త, ఆడికెళ్ళి సీదా షెడ్డుకే" అన్నాడు. పానా తీసుకుని మగ్గం విప్పాడు. ముందుగది ఒక్కసారిగా పెద్దదైపోయి, మాట్లాడితే మారుమోగింది. రాజేశ్వరమ్మ ఆ ఖాళీ వైపు చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మేళా మొదటి రోజు ఎల్బీ నగర్ హాల్లో మధ్యాహ్నం దాకా జనం పల్చగానే ఉన్నారు. మధ్యలో మగ్గం, మగ్గం ముందు తన్మయి, పక్కన స్టూలు మీద చేతులు ముడుచుకుని బ్రహ్మం. వచ్చిన ఒకరిద్దరు ఫొటో తీసుకుని పోయారు. బ్రహ్మం గడియారం వంక చూడటం తన్మయి చూసింది. నాడె మాత్రం ఆపలేదు.

అప్పుడు తలుపు దగ్గర ఏదో కలకలం. ముందు తనుమాయమ్మ వచ్చింది, హనుమాయమ్మ చెయ్యి పట్టుకుని, "మెల్లగ, మెల్లగ, మెట్టున్నది" అంటూ. వాళ్ళ వెనక తన్మై, రంగు పోతుందా అని అడిగినావిడను వెంటబెట్టుకుని. ఆ వెనక తనుమయి. మెడ పొడుగు తాన్మయి అందరి తలల మీదుగా చూస్తూ, "గదే, గా మధ్యల కూసున్నదే" అని దారి చూపిస్తూ. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో చాయ్ తాగి, బొట్టు పెట్టించుకుని వెళ్ళిన పేర్లన్నీ, తమను రాసిన మనుషులను ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని తీసుకొచ్చాయి. ఆడవాళ్ళ చేతుల్లో రాజేశ్వరమ్మ ఇచ్చిన రవికె గుడ్డలున్నాయి. "దీని మీదికి చీర కావాలి" అంటున్నారు అందరూ. చివరన తన్మయ్, తువ్వాలు తలపాగా చుట్టుకుని, జనాన్ని వరసలో నిలబెడుతున్నాడు. హాలు వాళ్ళు అదనపు కుర్చీలు వేశారు. ఎవరూ ఏమీ అడగలేదు, కుర్చీలు చాలుతాయా అని తప్ప.

"అన్నా, గీ బొమ్మ అచ్చేసిందా, నేసిందా?" ఒకామె బ్రహ్మాన్ని అడిగింది. తన్మయి నాడె ఆపింది. ఆ ప్రశ్నకే కదా ఆయన ముఖం రోజూ దిగిపోయేది.

బ్రహ్మం ఆమె వంక చూశాడు. ఆమె పక్కన తనుమయి నిలబడి ఆయన వంకే చూస్తోంది. ఆయన మెల్లగా స్టూలు దిగాడు. "మంచిగ అడిగినవు చెల్లే. ఇటు రా" అన్నాడు. ముడులు కట్టిన దారం ఒకటి తీసి, ఆమె చేతనే ముడి విప్పించాడు. ఎర్రని రంగు మధ్యలో తెల్లటి చుక్క బయటపడింది. ఆమె చిన్నపిల్లలా నోరు తెరిచింది. "గా చుక్క వెనక్కి తిప్పినా గట్లనే ఉంటది. అచ్చేసిన దాన్ని తిప్పి చూడు, వెనక బొమ్మ మసకగుంటది." చుట్టూ జనం మూగారు. బ్రహ్మం మళ్ళీ చూపించాడు. మళ్ళీ చూపించాడు. దీపాలు పెట్టే వేళకు ఆయన గొంతు పోయింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. సుప్రియ మైకు పట్టుకుని "మన తన్మయి, వాళ్ళ బాపు బ్రహ్మం గారు" అని పిలిస్తే హాలంతా చప్పట్లు కొట్టింది. వాటిలో అన్నిటికన్నా గట్టివి ఆ తప్పు పేర్లవే. శ్రవణ్‌కుమార్ ముడుల వీడియో తీసి, 'చిటికి కట్టింది: బ్రహ్మం' అని రాసి పెట్టాడు.

మేళా ముగిసిన మర్నాడు మగ్గం చెక్కలు ముందుగదిలో గోడకు ఆనించి ఉన్నాయి. షెడ్డుకు తీసుకుపోయే ఆటోవాడు పది గంటలకు వస్తానన్నాడు. రాజేశ్వరమ్మ చాయ్ గిన్నె పెట్టి అడిగింది, "ఇయ్యాల ఎందరే?"

తన్మయి ఫోన్ వంక చూసి, తండ్రి వంక చూసింది. ఈలోపు గుమ్మంలో దగ్గు వినబడింది. ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం, పెద్ద తలపాగా, బ్రహ్మం కళ్ళు.

"ఎవలు?" అన్నాడు బ్రహ్మం.

"బ్రహ్మానందం" అన్నాడు ఆయన మొహమాటంగా. "మూసారాంబాగ్ నుంచి ఒక పిల్ల రాసింది నన్ను. 'బ్రహ్మానందం తాతా, నాకు ముడి కట్టుడు నేర్పుతరా?' అని."

బ్రహ్మం ఎన్నడూ ఫోన్ పట్టి ఎరగడు. తన పేరును ఎవరో ఒకరు, తెలియని మనిషి, ఎక్కడో కూర్చుని రాయాలని చూసి, తప్పు రాసిందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. "కూసో అన్నా, కూసో. చాయ్ తాగు" అన్నాడు. తర్వాత కూతురి పక్కన చేరి గొంతు తగ్గించి, "ఏం రాయాలె బిడ్డా?" అని అడిగాడు.

"ముందు ఆ పిల్ల అడిగినదానికి జవాబు చెప్పు బాపూ. పేరు చివర్ల."

బ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. ఆయన చెబుతుంటే తన్మయి రాసింది: "నేర్పుత తల్లీ. ఎప్పుడైనా రా. నీకు పెద్ద పేరు నచ్చినట్టున్నది, నేను గంత పెద్దోణ్ణి కాదు, ఉత్త బ్రహ్మాన్నే. కొత్తపేటల మా ఇల్లు, మగ్గం చప్పుడు వినబడ్డ కాడ ఆగు."

"చప్పుడా?" రాజేశ్వరమ్మ చాయ్ గంటె గాల్లోనే ఆపేసింది. "ఏ చప్పుడు?"

బ్రహ్మం పానా తీసుకుని, పైపంచె నడుముకు బిగించి, మొదటి చెక్క ఎత్తాడు. రెండో కొస బ్రహ్మానందం పట్టుకున్నాడు. కింద సందులో ఆటో హారన్ కొట్టింది.

"ఆటో వచ్చిందండీ, మగ్గం దింపకపోతే ఖాళీగా పోతుందేమో!" కింది నుంచి అరిచారు రామమోహనరావు గారు.

"పోనీయండి సార్, ఖాళీగనే పోనీయండి!" అని పైనుంచి బ్రహ్మం, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.